మూసిన తలుపులు, మూడు అర్థాలు

ముందుగా మూడు వాక్యాలు చదవండి. మూడూ మనం రోజూ అనేవే.

"నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది."

"నువ్వు ఉండగా నాకేం భయం?"

"నేను ఇక్కడ ఉండగా వాణ్ని అడుగుతావేంటి?"

మూడింట్లోనూ 'ఉండగా' ఒక్కటే. కానీ పని ఒక్కటి కాదు. మొదటి దాంట్లో అది సమయం చెబుతోంది: ఉన్నప్పుడు. రెండో దాంట్లో కారణం: నువ్వు ఉన్నావు కాబట్టి. మూడో దాంట్లో 'అయినా' అనే అర్థం ఉంది: నేను ఉన్నా నన్ను వదిలేసి వాణ్ని అడగడమేంటి అని. అక్షరం కూడా మారకుండా అర్థం మూడు దారులు పట్టింది. మనం తడబడలేదు. గొంతు, సందర్భం, ఎదుటి మనిషి మొహం చూసి అర్థం చేసుకున్నాం.

ఇప్పుడు ఆ గొంతు, ఆ మొహం తీసేయండి. వాక్యం రాసి పదహారు వందల ఏళ్లు దాటిందనుకోండి. పైగా అది కోట్ల మంది పవిత్రంగా చదివే గ్రంథంలో ఉందనుకోండి. దాన్ని తెలుగులోకి తేవాలి. ఈ వారం కబురు అదే.

నాకో మిత్రుడున్నాడు. వాళ్ల ఊరి చర్చిలో కుర్రాళ్లు ఫోన్లో చదువుకునేందుకు లాటిన్ బైబిల్ నుంచి సువార్త భాగాలు కొన్ని వాడుక తెలుగులోకి రాస్తున్నాడు. లాటిన్ బైబిల్ అంటే వుల్గేట్. నాలుగో శతాబ్దం చివర్లో పోపు డమాసస్ అడిగితే జెరోమ్ అనే పండితుడు అప్పటికే వాడుకలో ఉన్న లాటిన్ సువార్తల్ని గ్రీకు మూలంతో పోల్చి సవరించాడు. తర్వాత వెయ్యేళ్లకు పైగా పశ్చిమ ఐరోపా చదివిన బైబిల్ అదే. మావాడు రాసిన పేజీలు నాకు పంపి, "అన్నా, తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడు చాలు" అన్నాడు. తెలుగు బాగానే ఉంది. ఒక్కచోట మాత్రం నేను ఆగిపోయాను. అక్కడికి వెళ్లాలంటే ముందు ఈ 'ఉండగా'కి లాటిన్లో ఉన్న చుట్టాన్ని పరిచయం చేయాలి.

దాని పేరు ఆబ్లేటివ్ ఆబ్సల్యూట్. పేరు చూసి భయపడొద్దు. ఆబ్లేటివ్ అనేది లాటిన్లో ఒక విభక్తి. సంస్కృతంలో తృతీయ, పంచమి, సప్తమి కలిసి చేసే పనుల్లో చాలావాటిని లాటిన్లో ఇదొక్కటే నెట్టుకొస్తుంది. ఆబ్సల్యూట్ అంటే ఇక్కడ 'విడదీసినది' అని. ఒక నామవాచకం, దానికో క్రియాజన్య విశేషణం లాంటి మాట, రెండూ ఇదే విభక్తిలో నిలబడి, ప్రధాన వాక్యానికి కాస్త ఎడంగా ఉంటాయి. ఉదాహరణకి 'వెస్పెరె ఫాక్తో'. మాటకి మాట పెడితే 'సాయంత్రం అయినదై'. అంటే 'సాయంత్రం కాగా'. ఆ తర్వాత అసలు వాక్యం వస్తుంది: జనం రోగుల్ని తీసుకొచ్చారు అని. సాయంత్రం ఆ వాక్యానికి కర్తా కాదు, కర్మా కాదు. వెనక తెర మాత్రమే.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అవును, సతి సప్తమి. 'రామే వనం గతే' అంటే 'రాముడు అడవికి వెళ్లగా'. అక్కడ సప్తమి చేసే పనే ఇక్కడ ఆబ్లేటివ్ చేస్తుంది. సువార్తల మూలమైన గ్రీకులో అదే పని షష్ఠి చేస్తుంది. భాష మారితే విభక్తి మారింది, ఎత్తుగడ మాత్రం అదే.

చిక్కు ఎక్కడుందంటే, ఈ రెండు మాటల్లో 'అప్పుడు' అని గానీ, 'అందుకని' అని గానీ, 'అయినా' అని గానీ ఎక్కడా ఉండదు. లాటిన్ రచయిత తెర దించి ఊరుకుంటాడు. తెరకీ నాటకానికీ సంబంధమేంటో పాఠకుడే తేల్చుకోవాలి. సంస్కృతం ఈ విషయంలో కాస్త దయ చూపింది. కొడుకు ఏడుస్తున్నా లెక్కచేయకుండా తండ్రి సన్యాసానికి వెళ్లిపోయాడు అనాలంటే సప్తమితో పాటు షష్ఠి కూడా వాడుకోవచ్చని పాణిని ప్రత్యేకంగా సూత్రం పెట్టాడు. అలాంటి చోట షష్ఠి కనబడితే 'ఓహో, ఇక్కడ లెక్కచేయకపోవడం ఉంది' అని పట్టుకోవచ్చు. లాటిన్లో అలాంటి జెండా లేదు. మూడు అర్థాలకీ ఒకటే వేషం.

మరి అనువాదకుడు ఎలా తేల్చుకోవాలి? నేను చేసే పని చాలా మామూలుది. మూడు తెలుగు మాటలూ వరసగా పెట్టి చూస్తాను: 'అయ్యాక', 'అవడం వల్ల', 'అయినా'. ఏది పెడితే వాక్యం విరిగిపోతుందో అది ముందు పోతుంది. మిగిలినవాటిలో ఏది పక్క వాక్యాలతో గొడవ పడుతుందో అది తర్వాత పోతుంది. చివరికి మిగిలింది కూడా రచయిత చెప్పనిది ఏమైనా అదనంగా చెబుతోందా అని చూస్తాను. సులువైన చోట మొదలుపెడదాం.

మత్తయి సువార్త రెండో అధ్యాయం. పసిబిడ్డ యేసుని చంపించాలని హేరోదు రాజు వెతికిస్తుంటే, యోసేపు తల్లినీ బిడ్డనీ తీసుకుని ఐగుప్తు వెళ్లిపోతాడు. 19వ వచనంలో 'దెఫుంక్తో హెరోదె' అని వస్తుంది, అంటే 'హేరోదు చనిపోగా'. ఆ వెంటనే దేవదూత యోసేపుకి కలలో కనిపిస్తాడు.

'చనిపోయినా కనిపించాడు' అంటే అర్థం లేదు. అది పోయింది. 'చనిపోయాక కనిపించాడు', 'చనిపోయినందువల్ల కనిపించాడు', రెండూ నిలబడతాయి. పైగా రెండోది మరింత తెలివైనదిగా కనిపిస్తుంది. రాజు పోయాడు, ప్రమాదం తప్పింది, అందుకే దూత వచ్చాడు. కథకి లింకు దొరికినట్టు ఉంటుంది.

ఒక్క వచనం కిందికి దిగండి. ఇరవయ్యో వచనంలో దూతే నోరు తెరిచి కారణం చెబుతాడు: బిడ్డ ప్రాణం కోసం చూసినవాళ్లు చనిపోయారు, ఇక వెళ్లు అని. అక్కడ లాటిన్లో 'ఎనిమ్' అనే మాట ఉంది. అంటే 'ఎందుకంటే'. కారణం చెప్పాల్సిన చోట రచయిత దాన్ని చక్కగా, పేరు పెట్టి చెప్పాడు. మనం 19లోనే 'వల్ల' వాడేస్తే దూత చెప్పబోయే మాటని ముందే లాగేసినట్టు. సినిమాలో క్లైమాక్స్ పక్క సీటువాడు చెప్పేసినట్టన్నమాట.

ఇంకో రెండు వచనాలు దిగితే ఇంకో సంగతి తెలుస్తుంది. హేరోదు పోయినా యూదయలో అతని కొడుకు అర్కెలా గద్దెక్కాడని విని యోసేపు అక్కడికి వెళ్లడానికి భయపడతాడు. అంటే హేరోదు చావుతో ప్రమాదం పూర్తిగా తప్పలేదు. 'వల్ల' అనే మాట ఇచ్చే భరోసా కథలోనే లేదు. కాబట్టి 'చనిపోయాక'. మన పాత తెలుగు బైబిల్ కూడా ఇక్కడ 'తరువాత' అనే రాసింది. అది లాటిన్ నుంచి వచ్చిన అనువాదం కాదనుకోండి, అయినా మూల గ్రీకులో చిక్కు ఇదే కాబట్టి వాళ్లకీ ఇదే ఎంపిక ఎదురైంది.

అయితే కారణం ఎప్పుడూ రాయకూడదా? ఇంకో చోటు చూద్దాం. అదే మత్తయి తొమ్మిదో అధ్యాయం, 33వ వచనం: 'ఎయెక్తో దెమోనియో'. దయ్యం పట్టిన ఒక మూగవాణ్ని యేసు దగ్గరికి తెస్తారు. దయ్యాన్ని వెళ్లగొట్టగా ఆ మూగవాడు మాట్లాడాడు. ఇక్కడ కారణం స్పష్టంగానే ఉంది. దయ్యం పోవడం వల్లే మాట వచ్చింది. అయినా నేను 'వెళ్లగొట్టాక' అనే రాస్తాను. "కరెంటు వచ్చాక ఫ్యాన్ తిరిగింది" అంటే మీలో ఎవరైనా "తర్వాతేనా, దానివల్లనా?" అని అడుగుతారా? అడగరు. 'తర్వాత' అన్న మాటలో 'వల్ల' దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పాఠకుడే దాన్ని పట్టుకుంటాడు. మనం చెయ్యి పట్టుకుని చూపించక్కర్లేదు.

ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. కాలం చెప్పే మాట వెనక కారణం హాయిగా దాక్కోగలదు. 'అయినా' మాత్రం అంత సులువుగా దాక్కోలేదు. ఈ తేడాతోనే మనకి కాసేపట్లో పని పడుతుంది.

ఇప్పుడు మూడో చోటు. ఇది నాకు భలే ఇష్టం. మత్తయి చివరి అధ్యాయం. యేసు సమాధి ఖాళీగా ఉంది. కాపలా సైనికులు వచ్చి జరిగింది చెబుతారు. ప్రధాన యాజకులు వాళ్ల చేతిలో డబ్బు పెట్టి ఒక కథ నేర్పిస్తారు: రాత్రి శిష్యులు వచ్చి శవాన్ని ఎత్తుకుపోయారని చెప్పండి, 'నోబిస్ దోర్మియెంతిబుస్'. అంటే 'మేము నిద్రపోతుండగా'.

మూడూ పెట్టి చూడండి. 'మేం నిద్రపోతున్నా ఎత్తుకుపోయారు' అంటే కామెడీ అయిపోతుంది. అది తీసేద్దాం. 'మేం నిద్రపోతున్నప్పుడు ఎత్తుకుపోయారు', 'మేం నిద్రపోవడం వల్ల ఎత్తుకుపోయారు'. రెండూ కుదురుతాయి. కానీ చదివేవాడి మనసులో లేచే ప్రశ్న మారిపోతుంది.

'నిద్రపోవడం వల్ల' అంటే అది తప్పు ఒప్పుకోవడం. మా డ్యూటీ మేం చేయలేదు, అందుకే ఇలా జరిగింది అని. వినేవాడు "కాపలాకి పెడితే పడుకుంటారా?" అని అడుగుతాడు. 'నిద్రపోతున్నప్పుడు' అంటే ప్రశ్న వేరు: "నిద్రలో ఉంటే వచ్చింది శిష్యులే అని మీకెలా తెలిసింది?" సెయింట్ అగస్టీన్ ఒక కీర్తన మీద వ్యాఖ్యానం రాస్తూ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. నిద్రపోయేవాళ్లని సాక్షులుగా తెచ్చారా అని ఎగతాళి చేశాడు. ఆ అబద్ధంలో ఉన్న కన్నం కాలంలోనే ఉంది, కారణంలో కాదు.

అలాగని కారణం పూర్తిగా అబద్ధమూ కాదు. తర్వాతి వచనంలోనే యాజకులు, ఈ మాట అధిపతి చెవిన పడితే మేం సర్దిచెబుతాం, మీకేం కాకుండా చూస్తాం అంటారు. అంటే నిద్రపోవడం శిక్ష పడే తప్పేనని వాళ్లకీ తెలుసు. రెండు ప్రశ్నలూ వాక్యంలో బతికే ఉన్నాయి. అందుకని ఇక్కడ మన 'గా' కన్నా మంచి మాట లేదు: 'మేం నిద్రపోతుండగా'. పాత తెలుగు బైబిల్ చేసిందీ ఇదే. లాటిన్ ఎంత తెరిచి ఉంచిందో తెలుగూ అంతే తెరిచి ఉంచింది. ఇంగ్లిష్‌వాళ్లకి లేని వెసులుబాటు ఇది. వాళ్లు ఇలాంటి చోట మామూలుగా 'వైల్' అనో, 'బికాజ్' అనో తేల్చాలి. లేదంటే పాతకాలపు లీగల్ నోటీసులా వినిపించే వాక్యం రాయాలి.

సరే, మరి 'గా' ఉండగా మనకేం భయం? ప్రతిచోటా 'గా' పెట్టేస్తే పోలేదా?

పోదు. ఇప్పుడు నేను ఆగిపోయిన చోటికి వద్దాం.

యోహాను సువార్త 20వ అధ్యాయం. సిలువ మరణం తర్వాత యేసు శిష్యులకి కనిపించే ఘట్టం. రెండుసార్లు జరుగుతుంది. మొదటిసారి, 19వ వచనంలో, శిష్యులు భయంతో లోపల ఉన్నారు, తలుపులు మూసి ఉన్నాయి. యేసు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. అప్పుడు తోమా లేడు. తాను కళ్లారా చూసి, చేత్తో తాకితే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత, 26వ వచనంలో, తోమా కూడా ఉన్నాడు. మళ్లీ తలుపులు మూసి ఉన్నాయి. మళ్లీ యేసు వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

గ్రీకులో రెండుచోట్లా ఒకటే ప్రయోగం, ఒకటే మాటలు. లాటిన్లో మాత్రం రెండు రకాలు. 19లో 'కుమ్' అనే సముచ్చయంతో పూర్తి ఉపవాక్యం ఉంది. తలుపులకి 'ఫోరెస్' అనే మాట వాడారు. 26లో తలుపులు 'యానుయే' అయ్యాయి, వాక్యం రెండు మాటలకి కుదించుకుపోయింది: 'యానుయిస్ క్లౌసిస్'. అచ్చమైన ఆబ్లేటివ్ ఆబ్సల్యూట్. 'తలుపులు మూయబడినవై'.

మావాడు ఇక్కడ ఏం రాశాడంటే: "యేసు మూసిన తలుపుల గుండా వచ్చి..."

చదవడానికి బాగుంది. కళ్లముందు సీన్ కూడా కనిపిస్తుంది. గ్రాఫిక్స్‌తో సహా. నేను ఫోన్ చేసి, "తమ్ముడూ, ఈ 'గుండా' ఎక్కణ్నుంచి వచ్చింది?" అని అడిగాను.

"ఆబ్లేటివ్ కదన్నా. దారిని చెప్పడానికి కూడా ఆబ్లేటివ్ వాడతారని గ్రామర్లో ఉంది కదా" అన్నాడు.

అతను అన్నది గ్రామర్ ప్రకారం కొట్టిపారేసేది కాదు. ఫలానా ద్వారం గుండా ఊళ్లోకి వచ్చారు అనాలంటే లాటిన్ నిజంగానే ఈ విభక్తి వాడుతుంది. లాటిన్ ఒక్కటే చూస్తే ఆ దారి మూసి లేదు. కానీ ఇది అనువాదానికి అనువాదం. వెనక ఉన్న గ్రీకులో 'గుండా' అనడానికి వేరే విభక్త్యర్థకం ఉంది, ఇక్కడ అది లేదు. ఉన్నది తెర దించే ప్రయోగమే. పైగా 19వ వచనంలో అదే గ్రీకు మాటల్ని లాటిన్లో 'కుమ్'తో ఉపవాక్యంగా మార్చారు. దాన్ని దారి అని చదవడానికి వీల్లేదు. తలుపులు మూసి ఉన్నాయి అని మాత్రమే ఉంది. కాబట్టి 'గుండా' పోయింది.

అది పోవడం చిన్న విషయం కాదు. ఎందుకంటే ఈ రెండు మాటల మీద పదహారో శతాబ్దంలో పెద్ద గొడవే జరిగింది. పునరుత్థానం తర్వాత యేసు శరీరం మూసిన తలుపుల్లోంచి దూరి వచ్చిందా? లూథర్ అవునన్నాడు. ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని వాదించడానికి ఈ ఘట్టాన్నీ వాడుకున్నాడు. కాథలిక్కులూ శరీరం మూసిన తలుపుల్ని దాటి వచ్చిందనే చదివారు. కాల్విన్ ఒప్పుకోలేదు. అద్భుతం జరిగింది నిజమే, కానీ అది దైవశక్తితో తలుపులు తెరుచుకున్న అద్భుతం, తలుపుల్లోంచి దూరిన అద్భుతం కాదు అన్నాడు. 'గుండా' అని రాస్తే ఆ వాదనలో ఒక పక్షానికి తీర్పు ఇచ్చేసినట్టే. అదీ మూలంలో లేని ఒక్క తెలుగు మాటతో. చదివే కుర్రాడికి అక్కడ వాదన ఉందని కూడా తెలియదు.

మరి ఏం రాయాలి? మన మూడు మాటలూ తెద్దాం.

'తలుపులు మూసి ఉన్నందువల్ల యేసు వచ్చాడు'. విరిగిపోయింది. తలుపులు మూసి ఉంటే ఎవరైనా వెనక్కి వెళతారు గానీ అందుకని లోపలికి రారు.

'తలుపులు మూసి ఉన్నప్పుడు యేసు వచ్చాడు'. విరగలేదు. కానీ ఏదో చప్పగా ఉంది. "షాపు మూసి ఉన్నప్పుడు కొరియర్ వచ్చింది" లాగా. సమయం చెప్పడమే పనైతే రచయిత ఇప్పటికే ఎనిమిది రోజుల తర్వాత అని చెప్పాడు. మళ్లీ తలుపులతో టైమ్ చెప్పాల్సిన పనేముంది?

'తలుపులు మూసి ఉన్నా యేసు వచ్చాడు'. ఇది నిలబడింది. ఎందుకో చూడండి. మూసిన తలుపు మామూలుగా రాకకి అడ్డం. తెర వెనక ఉన్న సంగతి ముందు జరిగేదానికి అడ్డంగా ఉంటే, అది 'అయినా' అనడానికి మొదటి గుర్తు. రెండో గుర్తు, ఆ వివరం ఊరికే రాలేదు. ఒకే అధ్యాయంలో రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి భయం అనే మాట పక్కనే ఉంది కాబట్టి తలుపులు ఎందుకు మూశారో చెప్పడానికి ఆ వివరం అనుకోవచ్చు. రెండోసారి భయం ఊసే లేదు. అయినా తలుపులు మళ్లీ మూసి ఉన్నాయని చెప్పాడు. మూడో గుర్తు, ఎవరో లేచి తలుపు తీశారన్న మాట రెండుచోట్లా లేదు.

దీనికి ఎదురు వాదన కూడా చెప్పాలి. లాటిన్లో 'అయినా' అర్థం గట్టిగా చెప్పాలనుకుంటే ప్రధాన వాక్యంలో 'తామెన్' అనే మాట వేయొచ్చు. అంటే 'ఐనప్పటికీ'. ఇక్కడ అది లేదు. అందుకని మన 'అయినా' సందర్భం నుంచి తీసుకున్నదే గానీ, అక్షరంలో ఉన్నది కాదు. ఈ తేడా అనువాదకులకీ తెలుసు. 1582లో లాటిన్ నుంచి వచ్చిన రైమ్స్ ఇంగ్లిష్ కొత్త నిబంధన, 1611లో గ్రీకు నుంచి వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్, రెండూ ఇక్కడ ఏ పక్షమూ తీసుకోకుండా 'మూయబడి ఉండగా' లాంటి మాటతో సరిపెట్టాయి. ఈ కాలపు ఇంగ్లిష్ బైబిళ్లు చాలావరకు 'దో', 'ఆల్దో' అని తేల్చి రాశాయి. మన పాత తెలుగు బైబిల్ 'ఉండగా' దగ్గర ఆగింది.

"అయితే నేనూ 'ఉండగా' రాసేస్తా కదన్నా, గొడవే లేదు" అన్నాడు మావాడు.

సైనికుల నిద్ర దగ్గర 'గా'ని మెచ్చుకున్న నేనే ఇక్కడ వద్దన్నాను. కారణం ఇందాక గుర్తుపెట్టుకోమన్నదే. 'గా'ని సమయంగా చదివినా కారణం దాని వెనకే వచ్చేస్తుంది. అందుకే సైనికుల దగ్గర ఏమీ పోలేదు. కానీ 'గా'లోంచి 'అయినా' రావాలంటే గొంతు కావాలి. మొదట్లో చెప్పిన వాక్యం గుర్తుందా? "నేను ఉండగా వాణ్ని అడుగుతావేంటి?" అందులో 'అయినా' అర్థాన్ని మోసింది 'ఉండగా' కాదు, ఆ చివరి 'ఏంటి'. ఆ విసురు. అది తీసేసి "నేను ఉండగా వాణ్ని అడిగాడు" అనండి. ఉత్త సమయమే మిగులుతుంది. గుడిలోనో చర్చిలోనో పెద్దాయన చదివి వినిపిస్తే గొంతుతో ఆ బరువు ఇవ్వగలడు. బస్సులో ఫోన్ మీద వేలు జరుపుతూ చదివే కుర్రాడికి 'తలుపులు మూసి ఉండగా యేసు వచ్చి' అనేది సీన్ వర్ణనలా జారిపోతుంది.

మావాడు కాసేపు ఆలోచించి ఇంకోటి తెచ్చాడు. "పోనీ 'మూసి ఉండగానే' అంటే? టైమూ ఉంటుంది, ఆశ్చర్యమూ ఉంటుంది."

నిజం చెప్పాలంటే తెలుగుగా అది అన్నింటికన్నా అందంగా ఉంది. "నేను చూస్తుండగానే దొంగ పారిపోయాడు" అన్నప్పుడు సమయం, 'అయినా', రెండూ ఒకే మాటలో ఒదిగిపోతాయి. చివరి ఏకారం చేసే మాయ అది. కానీ ఇక్కడ ఆ ఏకారమే ఇబ్బంది. 'మూసి ఉండగానే వచ్చాడు' అంటే వచ్చిన ఆ క్షణంలో కూడా తలుపులు మూసే ఉన్నాయి, తెరుచుకోలేదు అని నొక్కి చెప్పినట్టు. కాల్విన్ చదువుకి చోటు లేకుండా పోతుంది. 'గుండా'ని గుమ్మంలోంచి పంపించి కిటికీలోంచి మళ్లీ రానిచ్చినట్టే.

'మూసి ఉన్నా వచ్చాడు' అలా కాదు. అడ్డం ఉంది, అయినా వచ్చాడు అంటుంది. ఎలా వచ్చాడో చెప్పదు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయనుకున్నా సరిపోతుంది, తెరుచుకోలేదనుకున్నా సరిపోతుంది. మూలం మౌనంగా ఉన్నచోట అదీ మౌనంగా ఉంటుంది. మూలం ఆశ్చర్యపోమన్నచోట ఆశ్చర్యపోనిస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త కూడా చెప్పాను. 'క్లౌసిస్' అంటే మూసినవి. తాళం వేసినవి, గడియ పెట్టినవి కూడా కావచ్చు గానీ ఆ మాట ఒక్కటే అంత చెప్పదు. 'తాళాలు వేసి ఉన్నా' అంటే అడ్డం మనమే ఇంకాస్త పెంచినట్టవుతుంది. 'అయినా' అని ఒక నిర్ణయం తీసుకున్నాక, దానికి తోడు తాళం కూడా మన జేబులోంచి తీయక్కర్లేదు.

చివరికి మావాడి పేజీలో ఆ వాక్యం ఇలా నిలబడింది: "తలుపులు మూసి ఉన్నా, యేసు వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాడు." కింద ఒక చిన్న గమనిక పెట్టమన్నాను: మూలంలో ఉన్నది 'తలుపులు మూసినవై' అని మాత్రమే, 'ఉన్నా' అన్నది సందర్భాన్ని బట్టి తీసుకున్న అర్థం అని. ఫోన్లో గమనికలు ఎవరు చదువుతారన్నా అన్నాడు గానీ, పెట్టాడు. హేరోదు దగ్గర 'చనిపోయాక', సైనికుల దగ్గర 'నిద్రపోతుండగా', తలుపుల దగ్గర 'మూసి ఉన్నా'. లాటిన్లో మూడూ ఒకటే ప్రయోగం, తెలుగులో మూడు రూపాలు.

మీ చేతికి ఒకటి ఇస్తాను. మార్కు సువార్త మొదటి అధ్యాయం, 32వ వచనం. 'వెస్పెరె ఫాక్తో', సాయంత్రం కాగా, జనం రోగుల్ని యేసు దగ్గరికి తెచ్చారు. కొంచెం పైకి వెళ్లి చదివితే ఆ రోజు విశ్రాంతి దినమని తెలుస్తుంది. యూదుల లెక్కలో సూర్యుడు అస్తమిస్తే ఆ దినం అయిపోయినట్టు. బరువులు మోయకూడదన్న నిషేధమూ అయిపోయినట్టే. మరి మీరైతే 'సాయంత్రం అయ్యాక' అని రాస్తారా, 'సాయంత్రం అయింది కాబట్టి' అని రాస్తారా?